మొదటి కామెంట్ - పాఠం 5: పోస్టును షేర్ చేస్తే కామెంట్ వెంట రాదు

పోయిన పాఠంలో నేను ఒక మాట సగమే చెప్పాను. ఫేస్‌బుక్‌లో వస్తువులు అమ్మే పోస్టుకు క్యాప్షన్ పొట్టిగా ఉంచండి, మిగతాది ఆ పోస్టు కింద మీరే రాసే మొదటి కామెంట్‌లో పెట్టండి అన్నాను. ఆ మిగతాది అంటే ఏమిటో చెప్పలేదు. చాలామంది రేటు, ఫోన్ నంబర్ కూడా తీసుకెళ్లి కామెంట్‌లో పెట్టేశారు. అందుకే హ్యాష్‌ట్యాగుల పాఠం వచ్చే వారానికి పెట్టుకుని, ఈరోజు ఈ ఒక్క సంగతే చూద్దాం.

అనంతపురం రామ్‌నగర్‌లో ఇంట్లోనే ఓళిగలు, బుడ్డల పొడి చేసి అమ్మే ఒక అక్క ఈ పాఠాలు చదువుతుంది. ఉగాదికి పది రోజుల ముందు తన ఫేస్‌బుక్ పేజీలో ఓళిగల ఫొటో పెట్టింది. క్యాప్షన్ ఇంతే: "ఉగాదికి మా ఇంటి ఓళిగలు. వివరాలు మొదటి కామెంట్‌లో." కామెంట్‌లో రేటు, నంబర్, ఆర్డర్‌కు చివరి తేదీ, ఏయే వీధులకు పంపుతారన్నదీ అన్నీ శుభ్రంగా రాసింది. ఆమె చేసింది నేను చెప్పినట్టే ఉంది.

ఎదురింటి ఆవిడ ఆ పోస్టును తమ కాలనీ ఫేస్‌బుక్ గ్రూపులో షేర్ చేసింది. అక్కడ జనం అడగడం మొదలుపెట్టారు. "రేటెంత?" "ఎక్కడ ఇస్తారు?" "నంబర్ ఉంటే పెట్టండి." ఎవరూ జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నలు అక్క పేజీకి రాలేదు. ఆమె ఆ గ్రూపులో లేదు కూడా. పండగ అయిపోయాక పక్కింటివాళ్లు చెబితే తెలిసింది.

ఇక్కడ ఏం జరిగిందో నిదానంగా చూడండి. కామెంట్ అనేది రాసిన పోస్టు కిందే ఉంటుంది. ఆ పోస్టును గ్రూపులో షేర్ చేస్తే అక్కడ ఫొటో, క్యాప్షన్ కనిపిస్తాయి. కింద కామెంట్ల చోటు మాత్రం కొత్తది, ఖాళీగా మొదలవుతుంది. అక్క కామెంట్ చూడాలంటే లోపలున్న అసలు పోస్టు మీద నొక్కి తన పేజీకి రావాలి. పండగ పనుల్లో ఉన్నవాళ్లు అంత దూరం రారు. వాట్సాప్‌లో అయితే ఇంకా తక్కువ మిగులుతుంది. మన దగ్గర చాలామంది లింకు పంపరు, స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. అందులో ఫొటో, క్యాప్షన్ మొదటి రెండు లైన్లు ఉంటాయి, అంతే.

కాబట్టి క్యాప్షన్ రాశాక ఒక పరీక్ష పెట్టుకోండి. మొదటి కామెంట్ మొత్తం చెరిగిపోయిందనుకోండి. అయినా కొనేవాడు మీకు ఫోన్ చేసి ఆర్డర్ ఇవ్వగలడా? ఇవ్వలేకపోతే కామెంట్‌లో ఉండకూడనిదేదో అక్కడికి వెళ్లింది. వస్తువు, రేటు, గడువు, నంబర్ ఈ నాలుగూ క్యాప్షన్ సొత్తు. నేనైతే నంబర్‌ను ఫొటో మీద కూడా ఒక మూల రాస్తాను, స్క్రీన్‌షాట్ ఎక్కడ కత్తిరించినా మిగలాలని.

అక్క పోస్టును ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. క్యాప్షన్ ఇలా వచ్చింది:

"ఉగాదికి బెల్లం ఓళిగలు. ఒకటి 20 రూపాయలు. పండగకు మూడు రోజుల ముందే చెప్పాలి. ఫోన్: (ఆమె నంబర్). ఏయే వీధులకు పంపుతామో, ఎన్నాళ్లు నిల్వ ఉంటాయో మొదటి కామెంట్‌లో."

చివరి వాక్యం చూడండి. ఉత్త "వివరాలు కామెంట్‌లో" అంటే ఎవరికీ వెళ్లాలనిపించదు. అక్కడ ఏముందో పేరు పెట్టి చెబితే, అది కావలసినవాడు వెళ్తాడు.

కామెంట్‌లోకి వెళ్లినవి ఇవి: కనీసం పది ఓళిగల ఆర్డర్ ఉండాలని, అవి ఎన్నాళ్లు నిల్వ ఉంటాయన్నది, సప్తగిరి సర్కిల్ వైపు సాయంత్రం పంపుతారని, నెయ్యి వేరేగా కావాలంటే ముందే చెప్పమని, బుడ్డల పొడి కూడా దొరుకుతుందని. దాంతోపాటు వాట్సాప్ లింకు. ఇవి లేకపోయినా అమ్మకం ఆగదు. ఉంటే ఫోన్‌లో అడిగే ప్రశ్నలు తగ్గుతాయి.

వాట్సాప్ లింకు దగ్గర మళ్లీ తప్పులు వస్తున్నాయి. అది ఇలా ఉండాలి:

```
https://wa.me/91XXXXXXXXXX
```

91 తర్వాత పది అంకెలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ముందు ప్లస్ గుర్తు వద్దు, సున్నా వద్దు, గీతలు వద్దు. పెట్టాక మీరే నొక్కి చూడండి. మీ నంబర్‌తో చాట్ తెరుచుకుంటే సరే. పొట్టి లింకులు చేసే సైట్లు నేను వాడను. ఆ లింకు చూస్తే ఎక్కడికి తీసుకెళ్తుందో చదివేవాడికి తెలియదు, అనుమానం వస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ లింకు పని చేయదు. అక్కడ క్యాప్షన్‌లో పెట్టినా కామెంట్‌లో పెట్టినా లింకు ఉత్త అక్షరాల్లాగే ఉంటుంది, నొక్కితే తెరుచుకోదు. లింకును ప్రొఫైల్ బయోలో పెట్టి, "లింకు బయోలో ఉంది" అని రాయండి. ట్యాగులను కూడా కామెంట్‌లోకి పంపే అలవాటు చాలామందికి ఉంది. వెతికినప్పుడు పోస్టు దొరకాలంటే ట్యాగులు, ముఖ్యమైన మాటలు క్యాప్షన్‌లోనే పెట్టమని ఇన్‌స్టాగ్రామే 2021లో చెప్పింది. నేను నాలుగైదు ట్యాగులు దాటను, అవి క్యాప్షన్ చివరనే పెడతాను. మిగతావి వచ్చే పాఠంలో.

ఇంకో విషయం. అక్క కామెంట్ మొదట రాసింది పేజీ పేరుతో కాదు, తన సొంత ప్రొఫైల్‌తో. దాంతో చదివేవాళ్లకు ఎవరో తెలియని మనిషి రేట్లు చెబుతున్నట్టు అనిపించింది. కామెంట్ పెట్టె పక్కన చిన్న గుండ్రటి బొమ్మ ఉంటుంది. అందులో ఎవరి ఫొటో ఉందో, వాళ్ల పేరుతోనే కామెంట్ వెళ్తుంది. రాయడానికి ముందు ఆ బొమ్మ చూడండి. పేజీ బొమ్మ లేకపోతే పేజీకి మారి అప్పుడు రాయండి.

కామెంట్ పడింది కదా అని నిశ్చింతగా ఉండకండి. లింకు ఉన్న కామెంట్‌ను ఫేస్‌బుక్ ఒక్కోసారి స్పామ్ అనుకుని దాచేస్తుంది. రాసినవాళ్లకు అది మామూలుగానే కనిపిస్తుంది, బయటివాళ్లకు కనిపించదు. కాబట్టి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో చూడాలి. అక్కడ కామెంట్ల పైన Most relevant అని ఉంటే All comments కి మార్చి చూడండి. అప్పుడూ లేకపోతే దాచేసిందని అర్థం. ఆ కామెంట్ తీసేసి లింకు లేకుండా రాయండి. All comments లో ఉండి, మామూలుగా కిందికి పోతుంటే, పేజీ నుంచి ఆ కామెంట్‌ను నొక్కి పట్టుకుని Pin comment ఎంచుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు కామెంట్ల వరకు ఇలా పైన నిలపవచ్చు.

ఈ వారం అభ్యాసం కాస్త కష్టం, అయినా మొత్తం చేయండి. మీ దగ్గరున్న ఒక వస్తువుకు క్యాప్షన్, మొదటి కామెంట్ రాసి పోస్టు చేయండి. మీ పేజీ ఎన్నడూ చూడని ఒక బంధువుతో దాన్ని ఏదైనా గ్రూపులో షేర్ చేయించండి. తర్వాత మీ పేజీతో సంబంధం లేని ఇంకొకరికి ఆ గ్రూపు పోస్టు మాత్రమే చూపించి, "రేటెంత, ఎప్పటిలోగా చెప్పాలి, ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడగండి. మూడింటికీ జవాబు చెప్పేదాకా క్యాప్షన్ దిద్దుతూ ఉండండి. ఎన్నిసార్లు దిద్దాల్సి వచ్చిందో నాకు రాసి పంపండి.