సీల్డ్ బ్యాటరీల పాఠాలు – 4: మూడు నెలల ఎండ, పన్నెండు నెలల ఆయుష్షు

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాను. ఎక్కువమంది 5.6 ఏళ్లని రాశారు. అది తప్పు. అయితే అందరిదీ ఒకే తప్పు కాబట్టి, లోపం నేను చెప్పిన తీరులోనే ఉంది. అందుకే ఈ వారం కొత్త పాఠం ఆపి, ఆ లెక్కే మళ్లీ చేద్దాం.

లెక్క ఇది. లేబుల్ మీద 27 డిగ్రీల దగ్గర డిజైన్ లైఫ్ 10 ఏళ్లని ఉన్న బ్యాటరీ. మన సీమలో ఒక గదిలో ఏడాదికి 5 నెలలు 27 డిగ్రీలు, 4 నెలలు 37, 3 నెలలు 47 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఈ డిగ్రీలన్నీ బ్యాటరీ ఒంటి వేడి, గాలి వేడి కాదు. ఫ్లోట్ మీద, అంటే ఎప్పుడూ చార్జర్‌కే తగిలించి ఉంచితే, ఎన్నేళ్లు వస్తుంది?

మీరు చేసింది: సంవత్సరం సగటు తీశారు, 35.3 వచ్చింది. ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందన్న సూత్రం దానికి పెట్టి 5.6 ఏళ్లన్నారు. చూడటానికి సబబుగానే ఉంది. కానీ వేడి సగటుగా పనిచేయదు.

బ్యాటరీ లోపల పాజిటివ్ ప్లేటుకు సీసపు జాలీ ఉంటుంది. ఫ్లోట్ మీద ఉన్నంతకాలం అది కొద్దికొద్దిగా తుప్పు పట్టి ఆక్సైడ్ అవుతూనే ఉంటుంది. కంపెనీ ఆ జాలీని ఎంత మందంగా పోసిందో, లేబుల్ మీద చెప్పిన వేడిలో అది ఎన్నేళ్లు ఆగుతుందో, అదే డిజైన్ లైఫ్. మీ గదిలో, మీ చార్జర్ మీద, సామర్థ్యం 80 శాతానికి పడిపోయేదాకా నిజంగా ఎన్నేళ్లు నిలుస్తుందో, అది ఫ్లోట్ లైఫ్. వేడి 10 డిగ్రీలు పెరిగితే తుప్పు వేగం రెట్టింపు, 20 పెరిగితే నాలుగు రెట్లు. ఒకసారి తిన్న జాలీ చలికాలంలో మళ్లీ మొలవదు. కాబట్టి చల్లని నెల వేడి నెలను పూడ్చలేదు. సగటు తీస్తే పూడ్చినట్టు లెక్క కడుతున్నాం, అదే మోసం.

అందుకే డిగ్రీలను కలపకండి, ఖర్చయిన నెలలను కలపండి. 27 డిగ్రీల్లో ఒక నెల ఒక నెలగానే ఖర్చవుతుంది, 5 నెలలకు 5. 37 డిగ్రీల్లో నెలకు రెండు, 4 నెలలకు 8. 47 డిగ్రీల్లో నెలకు నాలుగు, 3 నెలలకు 12. మొత్తం 25. అంటే క్యాలెండర్‌లో 12 నెలలు తిరిగేసరికి బ్యాటరీ 25 నెలల వయసు పెరిగింది. పదేళ్లంటే 120 నెలలు. 120ని 25తో భాగిస్తే 4.8 ఏళ్లు. ఆ మూడు ఎండాకాలపు నెలలే పన్నెండు నెలలు తినేశాయి, అంటే ఏడాది ఖర్చులో సగానికి దగ్గర. సగటు వేసినవాళ్లకు ఇది కనిపించదు. ఎండాకాలంలో ఫ్యాన్ పెట్టాలా, చలికాలంలో పెట్టాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా వాళ్లకు దొరకదు.

మధ్య డిగ్రీలకు 5 డిగ్రీలకు 1.4 రెట్లని గుర్తుంచుకోండి, చాలు. నేను పనిలో అంతకంటే సూక్ష్మంగా ఎప్పుడూ వెయ్యను, ఎందుకంటే సూత్రమే ఉజ్జాయింపు. 50 డిగ్రీలు దాటితే ఈ సూత్రం అసలు వాడకండి. అక్కడ తుప్పుతో పాటు నీరు ఎండిపోవడం, బ్యాటరీ తనంతట తనే వేడెక్కిపోవడం ముందుకొస్తాయి. సీల్ చేసిన బ్యాటరీలో పోసుకోవడానికి మూత కూడా ఉండదు.

ఇది కాగితం మీది లెక్క. ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగడి దగ్గర నేను చూసింది చెబుతాను. యూపీఎస్‌కు 12 వోల్టులవి 16 బ్యాటరీలు. మెట్ల కింద తలుపున్న అల్మరాలో, కడప బండ అరల మీద పెట్టి, గాలి ఆడకుండా తలుపు మూసేశారు. 2020 జనవరిలో కొన్నవి, 2024 మేలో పోయినాయి. లేబుల్ మీద 27 డిగ్రీల దగ్గర పదేళ్లు. "నాలుగేళ్లకే పోయినాయి కదన్నా, పదేళ్లని రాసినారు" అన్నాడు యజమాని. ప్యానెల్ మీద 217 వోల్టులు పచ్చగా వెలుగుతోంది, ఏ లోపమూ చూపడం లేదు. అరగంట నిలవాల్సిన బ్యాకప్ పది నిమిషాలకు కూలుతోంది.

మెయిన్ తీసేసి, లోడ్ మీద ఒక్కో బ్యాటరీ వోల్టేజి చూశాను. చాలావాటిది 11.8 దగ్గర ఉంది. అల్మరా మధ్య వరసలో రెండు మాత్రం 10కి పడ్డాయి. చేత్తో తడిమితే వాటి పక్కలు ఉబ్బి ఉన్నాయి. తుప్పు పట్టిన జాలీ పెరిగి బయటికి తోస్తుంది, వేడి కూడా ఒంటిని మెత్తబరుస్తుంది. ఫ్లోట్ మీద వోల్టేజి బాగుంటే బ్యాటరీ బాగున్నట్టు కాదు. అది చార్జర్ ఇస్తున్న వోల్టేజి. బ్యాటరీ సత్తా లోడ్ పడితేనే తెలుస్తుంది.

గోడ మీది థర్మామీటర్ 36 చూపింది. మధ్య వరసలోని బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ దగ్గర ప్రోబ్ పెడితే 44. ఎనిమిది డిగ్రీల తేడా, దాదాపు రెట్టింపుకు దగ్గర ఖర్చు. బ్యాటరీ వేడి బదులు ఏసీ రిమోట్ మీది అంకె రాసి పంపినవాళ్లు ఈ ఒక్కటి గమనించండి.

మన లెక్కకన్నా కూడా అయిదారు నెలలు ముందే పోవడానికి ఇంకో కారణం ఉంది. చార్జర్ ఏడాది పొడుగునా ఒక్కో బ్యాటరీకి 13.6 వోల్టులే ఇస్తోంది. వేడి పెరిగేకొద్దీ డిగ్రీకి సెల్లుకు 3 మిల్లీవోల్టులు తగ్గించాలి. ఒక్కో బ్యాటరీలో ఆరు సెల్లులు కాబట్టి 18 మిల్లీవోల్టులు. 27 నుంచి 47కి పోతే 360 మిల్లీవోల్టులు, అంటే 13.24కి రావాలి, పదహారింటికి 217.6 బదులు దాదాపు 211.8. అలా తగ్గించాలంటే చార్జర్‌కు వేడి తెలియాలి, అక్కడ ఆ సెన్సర్ తీగే పెట్టలేదు, యూపీఎస్‌కు ఆ సాకెట్ ఉన్నా. ఆ ఎక్కువ వోల్టేజి నీటిని చీల్చింది, తుప్పును పెంచింది. అయితే ఒకటి గట్టిగా చెబుతున్నాను: సెన్సర్ పెట్టినంత మాత్రాన 47 డిగ్రీలు 27 అయిపోవు. అది అదనపు నష్టాన్ని ఆపుతుంది, వేడి తిన్నదాన్ని తిరిగి ఇవ్వదు. తలుపు తీయించి, కింద పైన జాలీ కిటికీలు పెట్టించి, బ్యాటరీల మధ్య వేలు దూరేంత సందు ఉంచడమే అక్కడ మొదటి పని. బ్యాటరీలు కొత్తవి పెట్టింది ఆ తర్వాతే.

మొబైల్ టవర్ల బ్యాటరీలు చూసేవాళ్లకు ఒక మాట. కరెంటు రోజూ నాలుగైదుసార్లు పోయే సైట్‌లో ఈ లెక్క నమ్మకండి. ఫ్లోట్ లైఫ్ అంటే దాదాపు ఎప్పుడూ చార్జర్ మీదే ఉన్న బ్యాటరీది. మాటిమాటికీ డిశ్చార్జ్ అయ్యేదాన్ని చార్జ్-డిశ్చార్జ్ సైకిళ్ల లెక్కే ముందు పడేస్తుంది.

కొనేముందు లేబుల్ చిన్న అక్షరాలు చదవండి. యూరప్ పద్ధతిలో డిజైన్ లైఫ్ 20 డిగ్రీల దగ్గర చెబుతారు. అక్కడి పదేళ్లు 27 డిగ్రీలకు తెస్తే ఆరేళ్ల రెండు నెలలే. ఒకే "10" అంకె ఉన్న రెండు బ్యాటరీల ధరలు పోల్చేటప్పుడు ఈ తేడా పట్టుకోకపోతే చౌకని తెచ్చింది ఖరీదైపోతుంది.

సాధన. బ్యాటరీ లేబుల్: 20 డిగ్రీల దగ్గర 12 ఏళ్లు. ఆరుబయట క్యాబినెట్‌లో 6 నెలలు 30 డిగ్రీలు, 4 నెలలు 35, 2 నెలలు 45. నెలలు కలిపి లెక్కేస్తే నాలుగేళ్ల రెండు నెలలకు దగ్గరగా రావాలి. రాకపోతే మళ్లీ సగటు తీసినట్టే.

ఆపైన మీ సొంత బ్యాటరీకి వారం రోజులు ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 గంటలకు మధ్య వరస బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ వేడి, దాని వోల్టేజి రాసి, 21 వరసల పట్టిక పంపండి. టెర్మినల్‌ను వేలితో తాకకండి, ప్రోబ్‌ను ఇన్సులేషన్ టేపుతో అతికించి చదవండి. 16 బ్యాటరీల వరస చివర 200 వోల్టులు దాటి ఉంటుంది. వచ్చే పాఠంలో ఆ పట్టికల్లో ఒకదాన్ని తీసుకుని చార్జర్ సెట్టింగ్ మారుద్దాం.