శ్రావణ ముహూర్తాలకు ముందు: ‘వివాహ ప్రతిబంధకం’ అని విన్నవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆషాఢం శూన్యమాసం కనుక పెళ్లిళ్లు ఉండవు. ఆ నెలరోజులూ తల్లిదండ్రులు జాతకాలు పట్టుకుని తిరుగుతారు. గత నెల నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే వెళ్లి, కుమార్తెకు ‘కళత్ర యోగమే లేదు’ అనే మాట విని, మూడు హోమాలకూ ఒక రత్నానికీ తల్లి గాజులు కుదువ పెట్టింది. ఆ జాతకాన్ని నేను కూడా చూశాను. అందులో ఆలస్యం ఉంది, నిరాకరణ లేదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియక కొన్ని కుటుంబాలు నష్టపోవడం ఇంతకుముందూ చూశాను కనుక ఇది రాస్తున్నాను.

సప్తమ భావం, సప్తమాధిపతి, కళత్రకారకుడైన శుక్రుడు, స్త్రీ జాతకంలో అదనంగా గురుడు అనే పేర్లు ఈపాటికి మీకు కంఠస్థమై ఉంటాయి కాబట్టి వాటిని వివరించను. పెద్ద పొరపాటు మాత్రం ఒక్కటే: రాశిచక్రంలో కనబడిన ఒకే ఒక్క లక్షణాన్ని పట్టుకుని ‘పెళ్లి కాదు’ అని తేల్చడం. శని సప్తమంలో ఉంటే ఆలస్యం అంటారు. సప్తమాధిపతి షష్ఠాష్టమ వ్యయాలలో ఉంటే ఆటంకం అంటారు. నిరాకరణ అని చెప్పాలంటే భావం, అధిపతి, కారకుడు ముగ్గురూ చెడాలి, లగ్నం నుంచే కాక చంద్రుని నుంచి చూసినా చెడాలి, శుభ దృష్టి ఎక్కడా ఉండకూడదు, నవాంశలోనూ అదే బలహీనత కనబడాలి. ఇన్నీ కలిసిన జాతకాలు అరుదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 1991 కార్తికంలో పుట్టిన ఒక అమ్మాయిది కర్కాటక లగ్నం. సప్తమమైన మకరంలో శని, చతుర్థమైన తులలో కుజుడు ఉన్నారు. కుజుడు తన నాలుగవ దృష్టితో శనిని చూస్తున్నాడు, శని తన పదవ దృష్టితో కుజుణ్ణి చూస్తున్నాడు. శుక్రుడు కన్యలో నీచలో ఉన్నాడు. సింహంలో ఉన్న గురుని దృష్టి మకరం మీద పడదు. ఇరవై నాలుగేళ్ల వయసులో చూపించగానే ఒకాయన శనినీ కుజదోషాన్నీ నీచ శుక్రుణ్ణీ వరుసగా లెక్కపెట్టి, వివాహం లేదని చెప్పారు.

ఆయన చూడనిది చాలా ఉంది. మకరం శనికి స్వక్షేత్రం, పైగా సప్తమంలో శనికి దిగ్బలం ఉంటుంది, అంటే సప్తమాధిపతి తన ఇంట్లోనే బలంగా కూర్చున్నాడు. కర్కాటక లగ్నానికి కుజుడు యోగకారకుడు కనుక ఆ లగ్నానికి కుజదోషాన్ని పరిహరించి చెప్పేవారు ఎక్కువ. శుక్రుడు కన్యలో ఎనిమిదవ డిగ్రీలో ఉన్నాడు, అది మీన నవాంశ, అంటే రాశిలో నీచలో ఉన్నవాడు నవాంశలో ఉచ్చలో ఉన్నాడు. శని కుజుల పరస్పర దృష్టి వల్ల ఆలస్యం తప్పదని మాత్రం చెప్పవచ్చు. శని గోచారంలో మళ్లీ మకరానికి వచ్చి, 2020 నవంబరులో గురుడు కూడా అక్కడికే చేరిన తరువాత, ఇరవై తొమ్మిదేళ్లు నిండిన అమ్మాయికి డిసెంబరులో పెళ్లయింది. ఆ మధ్య అయిదేళ్లలో రెండు మంచి సంబంధాలు వెనక్కి వెళ్లాయి. జాతకం వల్ల కాదు, ‘ఆ పిల్లకు యోగం లేదట’ అనే మాట బంధువుల నోళ్లలో పడడం వల్ల. మళ్లీ చెబుతున్నాను, ఒక్క లక్షణం చూసి నిరాకరణ అనకూడదు, అన్నవారిని నమ్మకూడదు.

కుజదోషం గురించి కొంచెం లెక్క వేసి చూడండి. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు స్థానాలలో కుజుడుంటే దోషమని మన పంచాంగాలు చెబుతాయి. పన్నెండింటిలో అయిదు స్థానాలంటే లగ్నం నుంచి చూసినప్పుడే దాదాపు నూటికి నలభై జాతకాలు ఇందులోకి వస్తాయి. చంద్రుని నుంచీ శుక్రుని నుంచీ కూడా లెక్కిస్తే, ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటాయనుకుంటే, పది జాతకాలలో ఎనిమిదింటికి ఎక్కడో ఒకచోట దోషం తగులుతుంది. పదిమందిలో ఎనిమిదిమందికి ఉన్నదాన్ని ప్రత్యేకమైన శాపంగా చెప్పేవారిని ఏమనాలో మీరే ఆలోచించండి.

పరిహారాల విషయంలో జ్యోతిష్కులందరూ ఒకే మాట చెప్పరు. కొందరు గ్రహ జపం, దానం దగ్గర ఆగుతారు, కొందరు క్షేత్ర దర్శనం చెబుతారు, ఇంకొందరు నేరుగా రత్నానికి వెళతారు. ఏది చెప్పినా ఆ దోషానికి ఆ పరిహారం ఎందుకో అడగండి. శ్రీకాళహస్తిలో చేసేది రాహుకేతు పూజ, సప్తమంతో రాహుకేతువులకు సంబంధమే లేని జాతకానికి దాన్ని ఎందుకు చెప్పారో వారు వివరించగలగాలి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనం కుజునికి, సర్పదోషానికి చెబుతారు. కుంభవివాహం వైధవ్య సూచన ఉన్న కన్యకు చెప్పింది, అర్కవివాహం మూడవ పెళ్లి చేసుకునే పురుషునికి చెప్పింది. ఆలస్యానికి ఈ రెండూ మందు కాదు, అయినా ఆలస్యమనగానే కుండతో పెళ్లి చేయించేవారున్నారు. రుక్మిణీ కల్యాణ పారాయణకూ, భాగవత దశమ స్కంధంలో గోపికలు చేసిన కాత్యాయనీ వ్రతానికీ పెద్ద ఖర్చు ఉండదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. వాటివల్ల ఫలానా నెలలో పెళ్లవుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇచ్చేవారి దగ్గర ఉండకండి.

ఇక మిగిలినవి ఒక్కొక్కటిగా చెబుతాను.

జన్మ సమయాన్ని ఆసుపత్రి కాగితంతో సరిచూడండి. లగ్నం దాదాపు రెండు గంటలు ఉంటుంది, నవాంశ లగ్నం సుమారు పదమూడు నిమిషాలకే మారిపోతుంది. ‘తెల్లవారుజామున’ అన్న జ్ఞాపకంతో వేయించిన నవాంశ చూసి నిరాకరణ చెప్పించుకోకండి.

నవాంశ వేయకుండా వివాహం గురించి మాట్లాడేవారి దగ్గర కూర్చోకండి.

దశాంతర్దశలు చెప్పకుండా ‘లేదు’ అన్నవారిని ‘ఎప్పటి వరకు లేదు’ అని అడగండి.

సప్తమాధిపతి రత్నం పెట్టుకుంటే పెళ్లవుతుందన్న మాట విని ఉంగరం చేయించకండి. పై జాతకంలో సప్తమాధిపతి శనే అష్టమాధిపతి కూడా, పైగా సప్తమం మారక స్థానం. ఆ అమ్మాయికి నీలం చెప్పినవారు ఈ సంగతి చూడలేదు.

ఒకే జాతకాన్ని నలుగురికి చూపించి, నాలుగు పరిహారాలూ చేయకండి.

అప్పు చేసి హోమం చేయించకండి. బంగారం కుదువ పెట్టకండి.

దోషం ఉందన్న మాటను ఇంటి బయట అనకండి. ఆ మాట బయటకు వెళితే వచ్చే సంబంధాలు రావు, తరువాత దానికీ దోషమే కారణమంటారు.

‘ఇది తప్పితే ఇక లేదు’ అన్న భయంతో అబ్బాయి ఉద్యోగమూ అలవాట్లూ విచారించకుండా తాంబూలాలు మార్చుకోకండి. నిరాకరణ అనే ఒక్క మాట విని ఇలా కట్టబెట్టిన రెండు పెళ్లిళ్లు నాకు తెలుసు. రెండు జాతకాలలోనూ ఉన్నది ఆలస్యమే.

వద్దంటున్న అమ్మాయిని పీటల మీద కూర్చోబెట్టి ఏ పరిహారమూ చేయించకండి.

ఈ ఆషాఢంలో మీకు ఎవరైనా ‘యోగం లేదు’ అంటే, భావం, అధిపతి, కారకుడు, నవాంశ నాలుగూ ఎలా చెడ్డాయో కాగితం మీద రాసి ఇమ్మనండి. రాయకపోతే దక్షిణ ఇచ్చి, జాతకం తీసుకుని లేచి రండి.