దూరాన ఉన్న వక్తకు తన గొంతే తిరిగి వినిపించకుండా: హాలు సభకు ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో పుస్తకావిష్కరణలు, సంస్మరణ సభలు ఇప్పుడు తరచుగా హాలులోనూ జూమ్‌లోనూ ఒకేసారి జరుగుతున్నాయి. డాలస్‌లో ఉన్న వక్త రెండు వాక్యాలు మాట్లాడి "నా గొంతే నాకు వెనక్కి వినిపిస్తోందండీ" అని ఆగిపోతే హాలులోని వారికి కారణం అంతుపట్టదు, ఎందుకంటే ఇక్కడ మాట శుభ్రంగానే వినిపిస్తూ ఉంటుంది. తన గొంతు ఎవరికి తిరిగి వినిపిస్తోందో లోపం సాధారణంగా వారి వైపు ఉండదు, అవతలి వైపు ఉంటుంది. కాబట్టి ఆ వక్తను కంప్యూటర్ సరిచేసుకోమని అడగడం కాలహరణమే. వెతకవలసింది మన హాలులో.

ఆ గొంతు తిరిగి వెళ్ళడానికి రెండు దారులున్నాయి: ఒకటి మిక్సర్ లోపలి తీగల దారి, రెండవది స్పీకర్ నుంచి మైకుకు గాలిలో సాగే దారి. ఏది తెరిచి ఉందో సభకు ముందే తేల్చుకోవాలి. స్పీకర్లను మామూలు స్థాయిలో ఉంచి, హాలు మైకులన్నీ మ్యూట్ చేసి, అవతలి వ్యక్తిని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అంకెలు లెక్కపెట్టమనండి. అప్పటికీ ప్రతిధ్వని వినిపిస్తే తప్పు మిక్సర్‌లోనే ఉంది. వినిపించకపోతే మైకులను ఒక్కొక్కటిగా తెరవండి. ఏ మైకు తెరిచినప్పుడు ప్రతిధ్వని మొదలైందో గాలి దారి అక్కడే ఉంది.

మిక్సర్‌లో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. ల్యాప్‌టాప్ నుంచి వచ్చే డాలస్ గొంతు ఒక ఛానెల్‌లోకి వచ్చి మెయిన్ అవుట్ ద్వారా స్పీకర్లకు చేరుతుంది, అదే మెయిన్ అవుట్‌ను ల్యాప్‌టాప్‌కు కూడా ఇస్తే ఆ గొంతు వచ్చిన దారినే డాలస్‌కు వెళ్ళిపోతుంది. చాలా చిన్న మిక్సర్లలో యూఎస్‌బీ తీగ పంపేది కూడా ఈ మెయిన్ మిక్స్‌నే కనుక, ఒక్క తీగతో పని సులువైందనుకున్న చోటే ఇబ్బంది మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌కు వెళ్ళే శబ్దాన్ని, మెయిన్‌తో సంబంధం లేకుండా వేరే మిక్స్‌ను పంపే ఆక్స్ అవుట్ నుంచి తీసుకుని, మైకు ఛానెళ్ళలో ఆ ఆక్స్ నాబ్‌ను పెంచి, ల్యాప్‌టాప్ గొంతు వచ్చే ఛానెల్‌లో మాత్రం దానిని పూర్తిగా సున్నాకు తిప్పాలి. వీలుంటే ఆక్స్‌ను పోస్ట్-ఫేడర్‌లో పెట్టమనండి. అప్పుడు ఆపరేటర్ ఏ మైకు స్థాయి మీట అయిన ఫేడర్‌ను దించితే ఆ మైకు దూరపు శ్రోతలకూ మూతపడుతుంది. ఆక్స్ అవుట్‌ను ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో నేరుగా గుచ్చితే స్థాయి ఎక్కువై మాట పగిలిపోతుంది కనుక, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు దగ్గర ఉంచుకోవడం మంచిది.

గాలి దారిని పూర్తిగా మూయలేము, ఇరుకు చేయగలం. వేదిక మీద నాలుగు మైకులు ఒకే స్థాయిలో తెరిచి ఉన్నాయనుకోండి. మాట్లాడేవారిది తప్ప మిగిలిన మూడూ మూస్తే మైకుల్లో మొత్తంగా పడే స్పీకర్ శబ్దం సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 15కు తెస్తే మాట మరో 6 డెసిబెళ్ళు బలపడుతుంది కనుక గెయిన్‌ను అంతే తగ్గించవచ్చు. ఈ రెండు పనులతోనే 12 డెసిబెళ్ళు కలిసివస్తాయి, కొత్త పరికరమేదీ కొననక్కరలేదు. స్పీకర్లు మైకులకు ముందు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి. హాలులో మైకు కూత పెట్టడాన్ని ఆపేదీ ఇదే అమరిక. డాలస్ వక్త మాట్లాడుతున్నంతసేపు వేదిక మైకులన్నీ మూసి ఉంచడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

జూమ్‌లో ప్రతిధ్వనిని తుడిచే ఏర్పాటు ఉంది, కానీ అది చిన్న గదికి సరిపోయినంతగా గోడలు మోగే పెద్ద హాలుకు సరిపోదు. తాను స్పీకర్‌కు పంపిన శబ్దాన్ని మైకులో గుర్తుపట్టి తీసివేయడమే దాని పని కనుక, స్పీకర్‌కూ మైకుకూ వేర్వేరు ల్యాప్‌టాప్‌లు వాడితే అది చేతులెత్తేస్తుంది. `Original sound for musicians` ఆన్‌లో ఉండకూడదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు ఒకరి పదాలు తెగిపోతుంటే ఆ ఏర్పాటు శక్తికి మించి పనిచేస్తోందని గ్రహించి హాలు స్పీకర్ల స్థాయిని కొంచెం తగ్గించాలి.

సభ సాగుతుండగా హాలు బయట ఒకరు ఫోనులో హెడ్‌ఫోన్స్‌తో జూమ్ వింటూ, తేడా రాగానే ఆపరేటర్‌కు సైగ చేసేలా నియమించండి. హాలులోపల మరెవరి ల్యాప్‌టాప్ ఆడియో తెరిచి ఉండకూడదు, యూట్యూబ్ ప్రసారాన్ని ఎవరూ ఫోనులో శబ్దంతో పెట్టకూడదు. చాలా సెకన్లు ఆలస్యంగా వచ్చే ఆ శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తుడవలేదు.