తప్తపాణి ఘాటుకు బయలుదేరే ముందు బండ్ల వరుస, దూరం

మిత్రులారా, బరంపురం నుంచి దిగపహండి వరకు మైదానపు రోడ్డు కనుక నా బండి లేన్‌లో కుడివైపున, రెండోది ఎడమవైపున, మూడోది మళ్లీ కుడివైపున నడవాలి. మీ వైపునే ముందున్న బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటాక, మీరు దానిని చేరడానికి కనీసం 2 సెకన్లు పట్టాలి. వాన పడితే 4.

ఘాటు మొదలవగానే నేను ఎడమచేతి చూపుడువేలు పైకెత్తుతాను. అందరూ ఒకే వరుసలోకి రావాలి, ఎందుకంటే మలుపులో ప్రతి బండికీ లేన్ వెడల్పంతా కావాలి, ఎదురుగా లారీ వస్తే పక్కకు తప్పుకోవడానికీ చోటుండాలి. సంజ్ఞను వెనుకవారికి అందించాకే వేగం తగ్గించండి. ప్రతి మలుపులోనూ ముందు బండి కోసమే బ్రేకు వేయవలసి వస్తోందంటే మీ దూరం చాలనట్టే. ఎడమచేయి కిందికి చాచి అరచేతిని వెనక్కి చూపితే ఆగాలి. గుంత కుడివైపున ఉంటే కుడికాలితో చూపుతాను, కుడిచేయి యాక్సిలరేటర్ వదలదు.