కొన్న బాండ్ ధర తగ్గిపోయిందా? వైటీఎం లెక్కతో కారణం పట్టుకోండి

2022 జనవరిలో మన కేంద్ర ప్రభుత్వం పదేళ్ల బాండ్ ఒకటి జారీ చేసింది. తెరమీద దాని పేరు `6.54% GS 2032`. వంద రూపాయల ముఖ విలువకు ఏడాదికి 6.54 రూపాయల వడ్డీ, జనవరి 17న సగం, జూలై 17న సగం. 2032 జనవరి 17న అసలు వంద తిరిగి ఇస్తారు. ఆ మేలో ఆర్బీఐ, బ్యాంకులకు తాను అప్పిచ్చే రెపో రేటును 4 శాతం నుంచి 4.40కి పెంచింది. 2023 ఫిబ్రవరికి అది 6.50కి చేరింది. ఈలోగా, 2022 జూన్‌లోనే, పదేళ్ల ప్రభుత్వ బాండ్ల ఈల్డ్, అంటే ఆ రోజు ధరకు కొన్నవాళ్లకు పడే రాబడి రేటు, 7.5 శాతం దాటింది. మామూలు జనం నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనుక్కునే ఆర్బీఐ వేదిక రిటైల్ డైరెక్ట్‌లో మొదటిసారి బాండ్ కొన్నవాళ్లకు ఇది గట్టి పరీక్షే అయింది. కింది సమస్యలన్నిటికీ ఈ బాండే ఉదాహరణ.

సమస్య 1: "పదివేలు పెట్టి కొన్నా. ఇప్పుడు 9,333 చూపిస్తోంది. ప్రభుత్వ బాండ్‌లో నష్టం ఏమిటి?"

కారణం: ఊళ్లో నోటు రాసి అప్పులిచ్చే వ్యవహారం తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. మీరు నూటికి రూపాయి వడ్డీ చొప్పున లక్ష ఇచ్చి, ఏడాదికి అసలూ వడ్డీ కలిపి తీర్చేలా నోటు రాయించుకున్నారు. గడువుకు 1,12,000 వస్తుంది. మర్నాడే ఊళ్లో వడ్డీ రూపాయిన్నరకు పెరిగింది. అదే రోజు మీకు డబ్బు అవసరపడి, ఆ నోటు ఇంకొకరికి ఇచ్చేయాలనుకున్నారు. అతను మీకు లక్ష ఎందుకిస్తాడు? ఆ లక్ష తనే అప్పిస్తే ఏడాదికి 1,18,000 వస్తుంది కదా. నోటు మీద రాసిన వడ్డీని మార్చలేం. మార్చగలిగేది దాన్ని కొనే ధరే. 94,915 ఇస్తేనే అతనికి పద్దెనిమిది శాతం గిట్టుబాటవుతుంది. బాకీదారు మంచివాడే, నోటూ మంచిదే, అయినా ధర తగ్గింది.

బాండ్‌లోనూ జరిగేది ఇదే. కూపన్, అంటే బాండ్ మీద రాసిన వడ్డీ, 6.54 దగ్గర బిగిసిపోయింది. బయట కొత్త బాండ్లు 7.5 ఇస్తుంటే పాతదాన్ని వందకు ఎవరూ కొనరు. సరిగ్గా పదేళ్లు మిగిలాయనుకుంటే, ఎంతకైతే కొంటారో ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా చూడొచ్చు:

```
=PV(7.5%/2, 20, -3.27, -100)      93.33
=RATE(20, 3.27, -93.33, 100)*2    7.50%
```

ఇరవై అంటే పదేళ్లలోని ఇరవై అర్ధ సంవత్సరాలు, 3.27 ఒక్కో విడత వడ్డీ. మొదటి వరస ఈల్డ్ ఇస్తే ధర చెబుతుంది. రెండోది ధర ఇస్తే ఈల్డ్ చెబుతుంది. ఈ రెండో వరసే వైటీఎం, అంటే ఈల్డ్ టు మెచ్యూరిటీ: ఈ రోజు ధరకు కొని గడువుదాకా ఉంచుకుంటే, వడ్డీలూ చివర్లో వచ్చే అసలూ కలిపి సాలీనా ఎంత రేటు పడుతుందో అది.

ఏం చేయాలి: ముందు ఆ డబ్బు ఎప్పుడు కావాలో తేల్చుకోండి. 2032 దాకా అక్కర లేకపోతే మీ వడ్డీ 654 ఏటా వస్తుంది, పదివేలూ వస్తాయి. గడువు దగ్గరపడేకొద్దీ ధర కూడా వంద వైపు నడుస్తుంది. మధ్యలో అమ్మక తప్పని పరిస్థితి ఉంటే మాత్రం ఇది నిజమైన నష్టమే. 2023 మార్చిలో అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంక్‌ను కుదిపింది ఈ "అమ్మక తప్పలేదు" అన్న మాటే. దాదాపు 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి, 180 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. డిపాజిటర్లు బెదిరి డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు.

సమస్య 2: "ఇది అమ్మేసి 7.5 శాతం ఇచ్చే కొత్త బాండ్ కొంటే లాభం కదా?"

చాలామంది తడబడేది ఇక్కడే, కాబట్టి లెక్క పూర్తిగా వేద్దాం. పాతది అమ్మితే చేతికొచ్చేది 9,333. దాంతో 7.5 శాతం బాండ్ కొంటే ఏటా 700 వస్తుంది. పాతదానికంటే 46 రూపాయలు ఎక్కువ, అంటే ఆరు నెలలకు 23. ఆ 23ను వచ్చినప్పుడల్లా 7.5 శాతానికే మళ్లీ పెడుతూ పోతే పదేళ్లకు 667 అవుతుంది. కానీ చివర్లో కొత్త బాండ్ మీకు తిరిగిచ్చే అసలు 9,333 మాత్రమే. పాతది ఇచ్చేది 10,000. తేడా ఎంత? సరిగ్గా 667.

అంటే మార్కెట్ ధరలోనే ఆ తేడా ముందుగా కోసేసింది. మార్చుకుంటే మిగిలేది ఏమీ లేదు, పైగా కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా మీ జేబులోంచే పోతుంది. పన్ను కారణంగానో, గడువు మార్చుకోవడానికో అయితే మార్చుకోండి. "ఎక్కువ వడ్డీ" కోసమైతే వద్దు.

సమస్య 3: "తెరమీద 7.5 అని ఉంది. నా ఖాతాలో 6.54 చొప్పునే పడుతోంది."

కారణం: తెరమీది వైటీఎం ఈ రోజు 93.33కి కొనేవాడిది. మీరు వందకు కొన్నారు కాబట్టి మీది 6.54 దగ్గరే ఆగింది. 93.33కి కొన్నవాడికీ ఖాతాలో పడేది అదే వడ్డీ. అతను పెట్టిన డబ్బు మీద లెక్కేస్తే అది 7 శాతం, మిగతా అర శాతం చివర్లో 93.33 కాస్తా వంద కావడంలోంచి వస్తుంది.

ఏం చేయాలి: మీ ఈల్డ్ తెలియాలంటే RATE వరసలో మీరు కొన్న ధర వేయండి. ఇందులో ఒక మెలిక ఉంది. వచ్చిన ప్రతి వడ్డీనీ అదే రేటుకు మళ్లీ పెట్టారనుకుంటేనే చివరికి మొత్తం సొమ్ము వైటీఎం రేటున పెరిగినట్టు అవుతుంది. వడ్డీని ఇంటి ఖర్చులకు వాడుకుంటే తప్పేమీ కాదు, కాకపోతే చక్రవడ్డీ లెక్కతో పోల్చి "మోసపోయాను" అనుకోకండి.

ఇంకో సంగతి. కంపెనీ బాండ్‌కు 13, 14 శాతం వైటీఎం కనిపిస్తే, కంపెనీ ప్రతి పైసా ఇస్తుందని అనుకుని వేసిన లెక్క అది. అంత ఎక్కువ చూపిస్తోందంటే, కొనేవాళ్లకు ఆ నమ్మకం తక్కువగా ఉందన్నమాట.

సమస్య 4: "అదే వడ్డీ పెరుగుదలకు నా పొడవాటి బాండే ఎక్కువ పడింది."

తక్కువ వడ్డీ ఎన్నేళ్లు భరించాలో అన్నేళ్లకూ కొనేవాడు తగ్గింపు అడుగుతాడు. ఇదే 6.54 కూపన్, ఇదే 7.5 ఈల్డ్ పెట్టి చూడండి: ఏడాదే మిగిలితే ధర 99.09, పదేళ్లయితే 93.33, ముప్పై ఏళ్లయితే 88.61. పిల్ల పెళ్లికి మూడేళ్లలో డబ్బు కావాలనుకునేవాళ్లు అర శాతం ఎక్కువ వస్తుందని ముప్పై ఏళ్లది కొంటే, పెళ్లినాటి వడ్డీ రేటు మీద పందెం కాసినట్టే. మూడేళ్లకు తీరేది తీసుకుంటే ఈ బెడదే ఉండదు.

సమస్య 5: "ధర 93.33 అన్నారు, ఖాతాలోంచి 94.42 పోయింది."

అది ఛార్జీ కాదు. గత వడ్డీ తేదీ నుంచి మీరు కొన్న రోజుదాకా పోగుపడిన వడ్డీని అమ్మినవాడికి ఇచ్చారు. మన ప్రభుత్వ బాండ్లకు నెల ముప్పై రోజులు, ఏడాది 360 రోజులు. రెండు నెలలు గడిచాక కొంటే 6.54లో 60/360 వంతు, అంటే 1.09. వచ్చే వడ్డీ తేదీన ఆరు నెలల వడ్డీ మొత్తం 3.27 మీకే వస్తుంది కాబట్టి ఆ 1.09 తిరిగి చేతికొచ్చేస్తుంది.