మలం అదుపు తప్పి జారిపోతుంటే ఏం చేయాలి?

ఈ సమస్యతో వచ్చేవారు నేరుగా విషయం చెప్పరు. విరేచనాలు అవుతున్నాయంటారు, కడుపు బాగోలేదంటారు. లోదుస్తులు పాడవుతున్నాయన్న మాట బయటికి రావడానికి చాలామందికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. మలమూత్రాల్ని అదుపులో ఉంచే పెల్విక్ ఫ్లోర్ కండరాల ఫిజియోథెరపిస్టుగా నేను తరచుగా చూసేది ఒక రకం వారిని: ఎప్పుడో కాన్పులో గాయమై, ఇప్పుడు వయసు మళ్లాక అదుపు తప్పుతున్న స్త్రీలు. ఈ వ్యాసం ప్రధానంగా వారికోసమే. అయితే ఇందులోని పద్ధతులు చాలావరకు పురుషులకూ పనికొస్తాయి.

మలద్వారం చుట్టూ రెండు కండర వలయాలుంటాయి. లోపలిది మన ప్రమేయం లేకుండా ఎప్పుడూ బిగిసి ఉంటుంది. బయటిది మనం కావాలని బిగించేది. కాన్పులో, ముఖ్యంగా బిడ్డను బయటికి లాగే ఫోర్సెప్స్ వాడినప్పుడు లేదా బిడ్డ పెద్దదైనప్పుడు, చీలిక వెనక్కి పాకి ఈ వలయాల్ని తెంపవచ్చు. కుట్లు వేశాక గాయం మానుతుంది, మిగతా కండరాలు ఆ లోటును ఏళ్ల తరబడి కప్పిపుచ్చుతాయి. ముట్లుడిగి కండరాల పట్టు సడలినప్పుడు ఆ లోటు బయటపడుతుంది. పాతికేళ్ల కిందటి కాన్పుకీ ఇప్పటి ఇబ్బందికీ సంబంధం ఉంటుందని చాలామందికి తోచకపోవడానికి కారణం ఇదే.

కానీ బలహీనమైన కండరం కూడా గట్టి మలాన్ని ఆపగలదు. ఆపలేనిది పలచటి మలాన్ని. కండరానికి బలం రావడానికి నెలలు పడుతుంది. మలాన్ని గట్టిపరచడానికి చాలామందికి రెండు మూడు వారాలు చాలు. అందుకే నేను మలంతోనే మొదలుపెడతాను.

మొదటి పని: రెండు వారాలు రాసుకోండి

ఒక చిన్న పుస్తకంలో నాలుగే విషయాలు రాయండి: ఎప్పుడు వెళ్లారు, మలం ఎలా ఉంది, ఎప్పుడు జారింది, దానికి ముందు గంటలో ఏం తిన్నారు, ఏం తాగారు. మలం రూపాన్ని బ్రిస్టల్ పట్టికతో పోల్చి అంకె వేయండి. అందులో 1 అంటే గట్టి ఉండలు, 4 అంటే నున్నగా, మెత్తగా, ఒకే కడ్డీలా ఉండేది, 6 అంటే అంచులు చెదిరిన మెత్తటి ముద్ద, 7 అంటే నీళ్లు. మనకు కావలసింది 3 లేదా 4.

జారే ముందు మీకు తెలుస్తోందా అన్నదీ రాయండి. తెలిసి కూడా మరుగుదొడ్డికి చేరేలోపు జారిపోతే లోపం ఎక్కువగా బయటి వలయంలో ఉంటుంది. తెలియకుండానే మరకపడుతుంటే లోపలి వలయాన్ని అనుమానించాలి.

నేను చూసిన ఒకావిడ సంగతి చెబుతాను. వయసు 54. మొదటి కాన్పు ఫోర్సెప్స్‌తో జరిగింది, కుట్లు పడ్డాయి. ఇరవై ఏడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఉదయపు నడకలో అదుపు తప్పడం మొదలైంది. ఆవిడ పుస్తకంలో పద్నాలుగు రోజుల్లో ఐదుసార్లు జారినట్టుంది. అందులో నాలుగు, ఖాళీ కడుపుతో కాఫీ తాగి నడకకు బయలుదేరిన అరగంటలోపే. ఐదుసార్లూ మలం అంకె 6. అంకె 4 ఉన్న మూడు రోజుల్లో ఒక్కసారీ జారలేదు. ఏం చేయాలో ఆ పేజీలే చెప్పాయి.

రెండో పని: మలాన్ని గట్టిపరచండి

ముందు పలచబరుస్తున్నదాన్ని వెతకండి. కాఫీ పేగుల్ని కదిలిస్తుంది. చక్కెర బదులు వాడే సార్బిటాల్, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు, మెట్‌ఫార్మిన్, కొందరికి పాలు మలాన్ని పలచబరుస్తాయి. పిత్తాశయం తీయించుకున్నవారిలో పైత్యరసం వల్ల కూడా విరేచనాలు అవుతాయి, దానికి వేరే మందుంది. డాక్టరు రాసిన ఏ మందునూ మీ అంతట మీరు ఆపకండి. ఆవిడ డాక్టరు మెట్‌ఫార్మిన్‌ను నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మార్చారు.

తర్వాత ఇసబ్గోల్ పొట్టు. ఇది మలబద్ధకానికి మాత్రమే అనుకుంటారు గానీ, పలచటి మలంలోని నీటిని పీల్చి దానికి ఒక రూపం ఇస్తుంది. రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి, గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగండి. పొడిగా మింగితే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. మింగడం కష్టమైనవారు, పేగు ఇరుకైనవారు దీన్ని వాడకూడదు. వారం తర్వాత కూడా అంకె 6 ఉంటే రెండు చెంచాలకు పెంచండి. మొదటి రోజుల్లో గ్యాస్ పట్టడం మామూలే. ఇతర మాత్రలకూ దీనికీ మధ్య కనీసం రెండు గంటలు ఉంచండి.

అదీ చాలకపోతే విరేచనాలు ఆపే మందు లోపెరమైడ్ గురించి డాక్టరును అడగండి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, భోజనానికి అరగంట ముందు వేసుకుంటే ఇది బాగా పనిచేస్తుంది. జ్వరం, మలంలో రక్తం ఉన్నప్పుడు వాడకూడదు.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. పెద్ద వయసువారిలో గట్టి మలం పెద్దపేగు చివరన ఉండే పురీషనాళంలో పేరుకుపోయి, దాని పక్కనుంచి నీళ్లలాంటిది కారుతుంది. చూడటానికి విరేచనమే, నిజానికి మలబద్ధకం. దీనికి విరేచనాలు ఆపే మందు వేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. రోజుల తరబడి సరిగా మలం కాకుండా కొంచెం కొంచెం కారుతుంటే, ముందు డాక్టరు చేత పరీక్ష చేయించండి.

మూడో పని: వేళ కుదుర్చుకోండి

తిన్న తర్వాత పెద్దపేగు కదలడం సహజం. ఆ కదలికను వాడుకోండి. అల్పాహారం అయిన ఇరవై, ముప్పై నిమిషాలకు మరుగుదొడ్డిలో పది నిమిషాలు ముక్కకుండా కూర్చోండి. ఆవిడ కాఫీని అల్పాహారం తర్వాతకి, నడకను మలవిసర్జన తర్వాతకి మార్చుకుంది.

నాలుగో పని: కండరాన్ని పట్టుకోవడం నేర్చుకోండి

పడుకుని, గాలి వదలకుండా ఆపుతున్నట్టు మలద్వారాన్ని లోపలికి, పైకి లాగండి. పిరుదులు, తొడలు, పొట్ట వదులుగా ఉండాలి, శ్వాస ఆగకూడదు. చేయి పిరుదు మీద ఉంచి చూడండి: అది బిగుస్తుంటే మీరు తప్పు కండరాన్ని వాడుతున్నట్టే. మూడు సెకన్లతో మొదలుపెట్టి పది సెకన్ల వరకు పెంచండి, అంతే సేపు వదలండి. ఇలా పదిసార్లు. ఆపైన పదిసార్లు గబగబా బిగించి వదలండి. రోజుకు మూడు పూటలు, మూడు నెలలు. కండరం పూర్తిగా తెగి ఉంటే వ్యాయామం దాన్ని అతికించదు, మిగిలినదాన్ని బలపరుస్తుంది.

ఒక్కసారిగా తోసుకొచ్చినప్పుడు పరుగెత్తకండి. శక్తికొద్దీ బిగించిన బయటి వలయం నిమిషం గడిచేసరికి అలసిపోతుంది, పరుగు పొట్టలో ఒత్తిడి పెంచుతుంది. ఉన్నచోటే ఆగి, నాలుగైదుసార్లు గట్టిగా బిగించండి. ఒత్తిడి అలలా వచ్చి తగ్గుతుంది. అది తగ్గాక నడిచి వెళ్లండి.

జారినప్పుడు చర్మం సంగతి

పలచటి మలంలోని జీర్ణరసాలు చర్మాన్ని తినేస్తాయి. వీలైనంత త్వరగా గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్దుతూ తుడవండి. తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీము పలచగా రాయండి. మందంగా పూస్తే ప్యాడుకు అంటుకుని దాని పీల్చే గుణం పోతుంది. పరిమళం వేసిన తడి తుడుపుళ్లు మంట పెంచుతాయి. కొద్దిగా మరకపడేవారికి పెద్ద ప్యాడు కన్నా, పిరుదుల మధ్య మడిచి పెట్టుకున్న చిన్న దూది పొర నయం. అది మలాన్ని బయటికొచ్చిన చోటే పట్టుకుంటుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

మలంలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారి ఉన్నా ఇంటి పద్ధతులతో ఆగకండి. మర్మాంగాల చుట్టూ తిమ్మిరి పట్టినా, కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా అది వెన్నులో నరాల ఒత్తిడి కావచ్చు. అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి.

మూడు నెలల తర్వాత కూడా మార్పు లేకపోతే మలద్వారం అల్ట్రాసౌండ్ గురించి డాక్టరును అడగండి, కండరంలో చీలిక ఉంటే అందులో కనిపిస్తుంది. కండరం బిగుసుకోవడాన్ని తెరమీద చూస్తూ నేర్చుకునే బయోఫీడ్‌బ్యాక్, వెన్ను అడుగున ఉండే త్రిక నరాన్ని ఉత్తేజపరిచే పరికరం, శస్త్రచికిత్స లాంటి మార్గాలున్నాయి. డాక్టరు గదిలో మాట పెగలకపోతే ఒక్క వాక్యం చాలు: "నాకు మలం ఆగడం లేదు, ఇదిగో రెండు వారాల లెక్క." ఆవిడ చేసింది అదే. మూడో నెల పుస్తకంలో జారిన రోజు ఒక్కటే ఉంది. ఆ రోజు కాఫీ మళ్లీ ఖాళీ కడుపుతో తాగినట్టు పక్కనే రాసి ఉంది.