ఎదురుగా ఎవరూ లేని ఇంటర్వ్యూకి థాంక్యూ ఎవరికి పంపాలి?

రికార్డింగ్ ఇంటర్వ్యూ అయిపోయింది. తెరమీద ప్రశ్న రావడం, 30 సెకన్లు ఆలోచించుకోవడం, రెండు నిమిషాలు కెమెరాతో మాట్లాడటం, అంతే. అలవాటు కొద్దీ ఇంటర్వ్యూ లింకు వచ్చిన మెయిల్‌కే థాంక్యూ పంపాను. నిమిషంలో తిరిగొచ్చింది. చూస్తే అది no-reply అడ్రస్. పంపింది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్.

పాత మెయిళ్లు వెతికాను. లింకు రావడానికి నాలుగు రోజుల ముందు, "మీ దరఖాస్తు చూశాం, తర్వాతి దశ వీడియో" అని రిక్రూటర్ తన పేరుతో రాసిన మెయిల్ ఒకటి దొరికింది. దానికే రిప్లై ఇచ్చాను. పాత సంభాషణ కిందే ఉంటుంది కాబట్టి నేనెవరో మళ్లీ చెప్పుకోనక్కర్లేదు.

మొదటి డ్రాఫ్టులో "మీతో మాట్లాడటం సంతోషం" అని ఉంది. ఎవరితో మాట్లాడానని! అది కొట్టేసి ఇలా రాశాను:

"నమస్తే అండీ. సపోర్ట్ ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ నిన్న పూర్తి చేశాను. అవకాశం ఇచ్చినందుకు, సమాధానాలు చూడబోయే వారికి కూడా, ధన్యవాదాలు. కోపంగా ఉన్న కస్టమర్ గురించిన మూడో ప్రశ్నకి టైమ్ అయిపోయి ముగింపు చెప్పలేదు: ఆయన సమస్య అదే రోజు తీరింది, ఖాతా కొనసాగించారు."

చేర్చింది ఆ ఒక్క ముక్కే. తడబడిన ప్రతి జవాబునీ మళ్లీ రాస్తే, వీడియో చూడకముందే తప్పులన్నీ మనమే చూపించినట్టు. రిక్రూటర్ మెయిల్ దొరక్కపోతే కంపెనీలో కనిపించిన ప్రతివాళ్లకీ పంపేదాన్ని కాదు, ఊరుకునేదాన్ని.

మర్నాడు రెండు ముక్కల జవాబొచ్చింది: "అందింది. మేనేజర్‌కి పంపాను."